మా అడ్డదూలానికి మూడు వయసులు

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. ఏటా జనవరిలో బోర్డు మీద ఒకే లెక్క రాస్తాను. "ఒక పురాతన కొయ్య వస్తువులో కార్బన్-14 ఇంత భాగం మిగిలి ఉంది. అర్ధాయువు 5730 ఏళ్లు. వస్తువు వయసెంత?" లాగరిథం తీస్తే మూడు లైన్లలో జవాబు వస్తుంది. వెనక బెంచీలో ఎవడో ఒకడు "ఆ భాగం ఎంతో ఎట్లా తెలుస్తుంది సార్?" అని అడుగుతాడు. "అది లెక్కలోనే ఇచ్చినారు కదరా" అని కూర్చోబెట్టేవాణ్ని. ఈ మధ్య ఆ మాట అనడం మానేశాను.

జమ్మలమడుగు పక్క మా పెద్దిల్లు మట్టి మిద్దె. రెండేళ్ల కిందటి వానలకు ముందు వసారా కూలింది. మిగిలింది కూడా పడకముందే విప్పేద్దామని చిన్నాయన నిర్ణయించాడు. రాళ్లు, తలుపులు, దంతెలు అన్నీ పక్కన పేర్చారు. వాటిలో తలవాకిలి ద్వారబంధం మీది అడ్డదూలం ఒకటి. ఆరడుగుల టేకు ముక్క, ఇద్దరు లేపితే గానీ కదలదు. అది గండికోట నుంచి వచ్చిందని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా, అప్పటిదాకా ఏలిన పెమ్మసాని వారి నుంచి కోటను పట్టుకున్న తరువాత, పాడుబడిన కట్టడాల కొయ్యను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు బండ్లకెత్తుకున్నారని, మా ముత్తాతల ముత్తాత ఎవరో ఈ దూలం తెచ్చాడని కథ. దాని మీద చెక్కిన తామరపూలు ఇంటి పనిలా లేవన్నది నిజమే. అడుగు భాగాన ఇంకో కొయ్య మొన దిగేందుకు తొలిచిన చదరపు తొలి ఉంది, సున్నంతో పూడ్చేశారు. మా ఇంట్లో ఆ తొలికి సరిపడే మొన ఉన్న కొయ్య ఎక్కడా లేదు.

కార్బన్-14 పరీక్ష చేయిద్దామన్నది నా తిక్కే. తెలిసిన ఒక ప్రొఫెసర్ ద్వారా ఉత్తరాదిలో ఒక ల్యాబ్‌ను పట్టుకున్నాను. ఫీజు నా నెల జీతంలో మంచి ముక్క. ఇంట్లో దాని సంగతి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

వాళ్లడిగింది ఎంతో అనుకున్నాను, వంద మిల్లీగ్రాములు చాలన్నారు. అంటే చిటికెడు. చివరికి వాళ్లు లెక్కపెట్టేది అందులోంచి తీసిన ఒక మిల్లీగ్రాము కార్బన్‌నే. పాత పద్ధతిలో కార్బన్-14 క్షీణించేటప్పుడు వచ్చే బీటా కణాలను లెక్కపెట్టేవారు. కొత్తగా నరికిన చెట్టు నుంచి తీసిన ఒక గ్రాము కార్బన్‌లో కూడా నిమిషానికి పదమూడు పద్నాలుగు క్షీణతలే జరుగుతాయి. మిల్లీగ్రాముతో కూర్చుంటే గంటకు పైగా కాచుకుంటే ఒకటి. అందుకే ఇప్పుడు క్షీణత కోసం కాచుకోరు. యాక్సెలరేటర్‌లో పరమాణువులనే బరువును బట్టి విడదీసి నేరుగా లెక్కిస్తారు. బతికున్న చెట్టులో కూడా సుమారు లక్ష కోట్ల కార్బన్ పరమాణువులకు ఒక్కటే కార్బన్-14. ఆ ఒక్కటి ఉందా లేదా అన్నదే మొత్తం లెక్క.

దూలం ముందు అంచున ఒక చీలిక ఉంటే అక్కడే కొత్త బ్లేడుతో పెచ్చు లేపాను. చేతికి గ్లవుజులు వేసుకొని, కాగితంలో కాకుండా అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టాను. కాగితం పీచు కూడా ఈ కాలపు కార్బనే కాబట్టి ఆ జాగ్రత్త పడ్డాను. ఫారంలో ఒక గడి ఉంది: కొయ్యకు ఏదైనా పూత, మందు, నూనె పెట్టారా? "లేదు" అని రాశాను. ఎవరినీ అడగలేదు. రంగు వేసినట్టు కనబడలేదు, అంతే.

మూడు నెలలకు రిపోర్టు వచ్చింది. అందులో మిగిలిన భాగం 0.9097, దాని పక్కన 760 ± 30 బీపీ అని ఉంది.

నా అలవాటు కొద్దీ ముందు నేనే లెక్క వేశాను. 5730 పెట్టి చేస్తే 782 వచ్చింది. ల్యాబ్ వాళ్లు ఇరవై రెండేళ్లు తప్పు చేశారని తేల్చేసి, కాస్త గర్వంగానే ఫోన్ చేశాను. అవతల మాట్లాడిన అమ్మాయి నవ్వు ఆపుకుంటూ చెప్పింది. రిపోర్టులో వేసే వయసుకు ప్రపంచమంతా విల్లార్డ్ లిబ్బీ నాటి పాత అర్ధాయువు 5568 ఏళ్లనే వాడుతుంది. లిబ్బీ బృందం 1949లో ఈ పద్ధతిని వయసు తెలిసిన ఈజిప్టు సమాధుల కొయ్య మీద సరిచూసింది. ఆ పనికే 1960లో ఆయనకు నోబెల్ వచ్చింది. అర్ధాయువు 5730కి దగ్గరని తరువాత తేలింది. కానీ అప్పటికే అచ్చయిన వయసులన్నీ పాత లెక్కలోనే ఉన్నాయి. మార్చితే గందరగోళమని అట్లాగే ఉంచారు. కాబట్టి సూత్రం ఇది:

```
t = -8033 × ln(F)
```

ఇక్కడ t వయసు, F మిగిలిన భాగం, 8033 అంటే 5568ని ln 2తో భాగిస్తే వచ్చేది. తప్పు అర్ధాయువు వాడితే జవాబు తప్పదా అని నేనడిగితే, ఈ సంఖ్య అసలు వయసే కాదు, ఒక మెట్టు మాత్రమే అంది. దాన్ని చెట్ల వలయాలతో కట్టిన పట్టికలో పెట్టి అసలు సంవత్సరాలు తీస్తారు. ఆ పట్టికకూ ఇదే 5568 వాడారు కాబట్టి తప్పు తప్పుతో కొట్టుకుపోతుంది. ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసింది. మన లెక్కల్లో "తొలి మొత్తం" అంటాం చూడండి, ఆ తొలి మొత్తాన్ని ఎవరూ చూడలేదు. దాని బదులు అమెరికాలో 1955 నాటి బీటు దుంపల చక్కెర నుంచి చేసిన ఆక్జాలిక్ ఆమ్లాన్ని కొలమానంగా పెట్టుకున్నారు. దానిలోని కార్బన్-14లో 95 శాతాన్ని ఒకటి అనుకొని మిగతావన్నీ దానితో పోలుస్తారు. 0.9097 అంటే ఆ బీటు దుంపతో పోలికే.

బీపీ అంటే 1950కి ముందు ఇన్నేళ్లని. చిన్నాయనకు ఫోన్‌లో చెబితే "ఏడు నూర్ల అరవై బీపీనా? ఎవరికబ్బీ?" అని కంగారుపడ్డాడు.

పట్టికలో పెడితే 1220 నుంచి 1285 మధ్య వచ్చింది. అంటే పదమూడో శతాబ్దం, కాకతీయుల కాలం. గండికోటను 1123లో కాకరాజు కట్టించాడని అక్కడ ఒక ఐతిహ్యం ఉంది. చిన్నాయనకు అది చాలు. వారం తిరక్కుండా ఊరంతా చెప్పేశాడు. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. తామరపూల చెక్కడం చూసిన ఒక స్నేహితుడు, చరిత్ర చెప్పే ఆయన, ఇది విజయనగర కాలపు పనితనం, పదమూడో శతాబ్దమంటే నేనొప్పుకోను అన్నాడు. టేకు దూలానికి ఒక వెసులుబాటు ఉంది. చెట్టు నడిమిభాగం బయటి భాగం కంటే పాతది. వలయం ఏర్పడిన ఏడాదితో దాని గాలి లెక్క మూసుకుపోతుంది, చెట్టు బతికున్నా సరే. నేను తీసింది నడిమివైపు చేవ. కాబట్టి నరికిన ఏడు కంటే కొంత ముందు తేదీ రావడం సహజం. కానీ రెండు మూడు వందల ఏళ్ల తేడాకు ఆ దూలమిచ్చిన చెట్టు ఎంత లావుండాలో ఊహించుకున్నా పొసగలేదు.

సంగతి బయటపడింది ఉగాదికి ఊరికి పోయినప్పుడు. పశువుల కొట్టం దగ్గర చిన్నాయన పాత పంచె పేలిక చేతిలో పట్టుకొని, కొట్టం తలుపుకు ఏదో పూస్తున్నాడు. పక్కన రేకు డబ్బా. దాంట్లో తారు లాంటి నల్లటి ద్రవం, పైన పేలిక ముంచినప్పుడల్లా ఇంద్రధనుస్సు తెట్టు. ఆయిలింజన్ నుంచి తీసిన కాలిన ఆయిలు.

"ఏం చిన్నాయనా ఇది?"

"చెదలు పట్టకుండా. మీ జేజినాయన కాలం నుంచి ఉగాదికి ముందు పూస్తాండాం కదా. తలవాకిలికి కూడా పూసేవాళ్లం, నీకు తెలీదా?"

నాకు నిజంగా తెలీదు. సెలవులకు వచ్చి తిని పోయిన పిల్లోణ్ని. ఇంజన్ ఆయిలు అంటే భూమిలో కోట్ల ఏళ్లు పడి ఉన్న పెట్రోలియం. దాంట్లో కార్బన్-14 ఒక్కటి కూడా మిగలదు. అర్ధాయువులు పదో పదకొండో గడిచేసరికే కొలవలేనంతగా తగ్గిపోతుంది, ఇక్కడ గడిచినవి వేలల్లో. ఈ చచ్చిన కార్బన్ కొయ్యలోకి ఇంకితే మిగిలిన భాగం తగ్గినట్టు కనబడుతుంది. వస్తువు ముసలిదైపోతుంది. నూటికి ఒక్క వంతు చచ్చిన కార్బన్ కలిసినా వయసు ఎనభై ఏళ్లు పెరుగుతుంది. కొత్త కార్బన్, అంటే చెమట, బంక లాంటివి, కలిస్తే దీనికి తలకిందులు, వస్తువు పడుచుదవుతుంది. నేను కాగితానికి భయపడ్డాను, ఆయిలును చూడలేదు.

ల్యాబ్‌లో కడగలేదా అని మీరడగచ్చు. కడిగారు. మామూలుగా చేసేది ముందు ఆమ్లం, తరువాత క్షారం, మళ్లీ ఆమ్లం. ఆమ్లంతో సున్నం లాంటి కార్బొనేట్లు పోతాయి, క్షారంతో మట్టిలోంచి ఇంకిన హ్యూమిక్ ఆమ్లాలు పోతాయి. పెట్రోలియం నూనె ఈ రెండిటికీ లొంగదు. అంట్లు నీళ్లతో మాత్రమే తోమితే జిడ్డు పోతుందా? దానికి వేరే ద్రావకాలు కావాలి. పూత ఉందని ఫారంలో రాసి ఉంటే వాడేవాళ్లు. "లేదు" అన్నది నేను.

ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. ఈసారి వాళ్లు రెండు ముక్కలు పంపమన్నారు. ఒకటి మొదట తీసిన చోటి నుంచే, తేడా తెలియడానికి. రెండోది వీలైతే చెట్టు బయటి అంచు నుంచి.

బయటి అంచు వెతకడానికి మా ఊరి ఆచారిని పిలిచాను. ఆయన దూలాన్ని తిరగేయించి, గోడలో ఇన్నాళ్లూ కూరుకొని ఉన్న వెనక వైపును తడిగుడ్డతో తుడిచి, మూలన వేలు పెట్టి చూపించాడు. "చదరం చేసేటప్పుడు ఈడ కొయ్య చాల్లేదు సార్. చేవ అయిపోయి తెల్లకట్టె తగిలింది. అట్లే వదిలేసినారు." నిజమే. మూడు వేళ్ల వెడల్పున లేతరంగు పట్టీ, దాని అంచు గుండ్రంగా, బెరడు ఊడిన చోటి నునుపుతో. పని గట్టిగా చేసే వడ్రంగి తెల్లకట్టెను వదలడు, చెదలు ముందు దాన్నే తింటాయి. ఎవరో పిసినారితనంతోనో బద్ధకంతోనో వదిలేసిన ఆ పట్టీయే నాకు దొరికిన అదృష్టం. చెట్టు ఆఖరి వలయాలు అవి. గోడలో ఉండడం వల్ల పేలిక కూడా అక్కడికి పోలేదు.

ఆచారే ఒక పక్క చివరను రంపంతో పల్చగా కోసి, ఉప్పుకాగితం నాలుగు రకాలు మార్చి నునుపు చేశాడు. టేకుకు ఏటేటా వలయం స్పష్టంగా పడుతుంది. వేపకైతే ఈ పని కాదు. భూతద్దం పెట్టి, ప్రతి పదికీ గుండుసూది గుచ్చుతూ, మొదటి పెచ్చు చోటి నుంచి తెల్లకట్టె అంచు దాకా లెక్కపెట్టాం. నాకు 72, ఆయనకు 69. కరువు ఏడు వలయం పడకపోవచ్చు, ఒక్కో ఏడు రెండు పడినట్టు కనబడచ్చు. డెబ్బై అనుకొని రాసుకున్నాం.

ఈసారి ఫారంలో ఆ గడి చాలక వెనక పేజీలో కూడా రాశాను.

రెండు ముక్కలనూ ముందు హెక్సేన్, ఎసిటోన్, మిథనాల్ వరసగా మార్చుతూ కడిగారట. ముందువైపు ముక్కను కడిగిన హెక్సేన్ టీ రంగుకు తిరిగిందని, వెనకవైపుది తేటగానే ఉందని ఆ అమ్మాయి ఫోటో పంపింది. రెండు చిన్న గాజు సీసాలు పక్కపక్కన. నాకు రిపోర్టు కంటే ఆ ఫోటోయే ఎక్కువ నచ్చింది. ఆ తరువాత కొయ్యలోని లిగ్నిన్‌ను కూడా బ్లీచు చేసి తీసేసి సెల్యులోజు మాత్రమే మిగిల్చారు. అది దూదిలా తెల్లగా ఉంది. దాన్ని కాల్చి కార్బన్ డయాక్సైడు చేసి, ఇనుప పొడి సాయంతో హైడ్రోజన్‌తో గ్రాఫైటుగా మార్చి, యాక్సెలరేటర్‌లో పెడతారు. తరతరాలుగా కథలు చెప్పుకున్న దూలం చివరికి పెన్సిలు మొన మీది నలుసంత అయింది.

ఫలితం: ముందువైపు ముక్క 0.9526, అంటే 390 ± 30. తెల్లకట్టె 0.9621, అంటే 310 ± 30.

ముందువైపు ఒకే చోటి నుంచి తీసిన కొయ్య, ఆయిలుతో 760, ఆయిలు లేకుండా 390. మూడు వందల డెబ్బై ఏళ్లు చిన్నాయన పేలిక పూసినవే. 0.9097ని 0.9526తో భాగిస్తే 0.955 వస్తుంది. మొదటి ముక్కలోని నూరు కార్బన్ పరమాణువుల్లో నాలుగున్నర ఇంజన్‌వన్నమాట. అంతే. చూపుకు ఆనలేదు, ముక్కుకు తగల్లేదు.

310ని 1950 నుంచి తీసేస్తే 1640. గండికోట పడటానికి పదేళ్ల ముందు. చిన్నాయన ఎగిరి గంతేశాడు. నేనూ ఒక్క నిమిషం పాటు ఎగిరాను. కానీ అట్లా తీసేయకూడదు. గాలిలో కార్బన్-14 అన్ని కాలాల్లో ఒక్కతీరుగా ఉండదు. సూర్యుడి ఉధృతిని బట్టి, భూమి అయస్కాంత క్షేత్రాన్ని బట్టి పైవాతావరణంలో అది తయారయ్యే వేగం మారుతుంది. అందుకే చెట్ల వలయాల పట్టికలో గీత నేరుగా దిగదు, మెలికలు తిరుగుతుంది. పదహారో శతాబ్దం దగ్గర ఆ గీత దాదాపు చదునుగా పడుకుని, 1600 తరువాత కాస్త లేచి మళ్లీ పడుతుంది. అక్కడ 310 అనే సంఖ్యకు ఒక చోటు కాదు, చాలా చోట్లు సరిపోతాయి. పట్టిక ఇచ్చిన జవాబు 1490 నుంచి 1650 దాకా. నూట అరవై ఏళ్లు! యంత్రం ± 30 అని చెప్పినా సరే. యంత్రం ఎంత బాగున్నా ఈ చదును పోదు.

ఇక్కడ మేం గుండుసూదులతో పెట్టిన లెక్క పనికొచ్చింది. ముందువైపు ముక్క తెల్లకట్టె కంటే డెబ్బై ఏళ్లు పాతదని మాకు తెలుసు. కాబట్టి రెండు తేదీలనూ విడివిడిగా కాకుండా, డెబ్బై ఏళ్ల ఎడంతో కట్టేసిన జంటగా గీత మీద జరిపి చూడాలి. తెల్లకట్టె 1640 అనుకుంటే ముందువైపుది 1570 కావాలి. కానీ 1570 నాటి కొయ్య 310కి దగ్గరలో పలకాలి, మాది 390 పలికింది. పొసగదు. తెల్లకట్టె 1500 అనుకుంటే ముందువైపుది 1430 అవుతుంది, అప్పటి కొయ్య ఇంకా పాతగా పలకాలి. అదీ పొసగదు. రెండూ ఒకేసారి ఇమిడే చోటు సుమారు 1520 నుంచి 1590 మధ్య. వలయాల లెక్కలో అయిదారు తప్పినా ఆ చోటు పెద్దగా కదల్లేదు. ఈ పనిని ల్యాబ్ వాళ్లు సాఫ్ట్‌వేర్‌తో చేసి పంపారు. నేను గ్రాఫు కాగితం మీద కూడా చేసి చూసుకున్నాను, పాత అలవాటు.

చెట్టు కూలింది పదహారో శతాబ్దంలో. స్నేహితుడు చెక్కడం చూసి చెప్పింది నిజమైంది, దాని గురించి ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా గుర్తుచేస్తాడు. గండికోటలో పెమ్మసాని వారు ఉన్న కాలమే. కానీ నల్లమల టేకు గండికోటకే పోవాలని లేదు, ఏ గుడికైనా, ఏ మండపానికైనా పోయి ఉండొచ్చు. సున్నంతో పూడ్చిన ఆ తొలి, దూలం మా ఇంటికి రాకముందు ఇంకోచోట పనిచేసిందని చెబుతోంది. ఎక్కడ అన్నది కార్బన్ చెప్పలేదు. మా ఇంట్లోకి ఎప్పుడొచ్చిందో కూడా చెప్పలేదు. ఆ సున్నాన్ని గీకి పరీక్ష చేయించొచ్చని ల్యాబ్ అమ్మాయి అంది, గట్టిపడేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుంది కాబట్టి. సున్నంలో కాలని రాయి మిగిలిపోతే అదీ చచ్చిన కార్బనే అని కూడా తనే అంది. నేను ఇంట్లో ఫీజు సంగతి తలచుకుని ఊరుకున్నాను.

"అయితే కోటదేనా కాదా, ఒక మాట చెప్పు" అన్నాడు చిన్నాయన.

"కాదని చెప్పే సాక్ష్యం లేదు చిన్నాయనా."

"చాల్లే" అన్నాడు. ఊళ్లో పదమూడో శతాబ్దం కథను ఆయన వెనక్కి తీసుకోలేదని తరువాత తెలిసింది.

కొత్త ఇంటికి ఆ దూలాన్నే తలవాకిలికి పెట్టాం. ఉగాదికి ఆయన మళ్లీ డబ్బా తీశాడు. ముందువైపు ఎంతైనా పూసుకొమ్మన్నాను. వెనక వైపు, తెల్లకట్టె ఉన్న మూలను మాత్రం గోడలోకి పోయేముందు పాలిథిన్ కాగితం కూడా తగలనీయకుండా నేనే దగ్గరుండి పెట్టించాను.